నీ నిమిషాలకు ఖరీదు కట్టుకో, బుజ్జీ



కనుమ నాడు మధ్యాహ్నం గారెలూ కోడికూరా తిని ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుంటే, నువ్వొక్కదానివే వీధరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నావు. ఏం చేస్తున్నావే అని అడిగితే, "సర్వేలు పెదనాన్నా! పదిహేను నిమిషాలు జవాబులు చెబితే ముప్పై రూపాయలు" అన్నావు. నేనూ పక్కన చేరి, పాత క్యాలెండర్ కాగితం ఒకటి చించి, దాని వెనక టైము రాసుకుంటూ కూర్చున్నాను. "రిటైరైనా మీకు సూపర్‌వైజర్ బుద్ధి పోలేదు" అని నవ్వావు. పోలేదు తల్లీ. ఇరవై రెండేళ్లు మార్కెట్ రీసెర్చ్ ఫీల్డులో ఎండలో తిరిగినవాణ్ణి. నువ్వు ఫోన్లో నొక్కుతున్న ఆ ప్రశ్నల్నే ఒకప్పుడు అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాల మీద ఇంటింటికీ మోసుకెళ్లి అడిగాను. ఆ క్యాలెండర్ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ముందు దాని మీద ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఆ తర్వాత అలా ఎందుకైందో చెబుతాను.

రెండూ పదికి మొదలుపెట్టావు. మొదటిది బట్టల సబ్బు మీద, పదిహేను నిమిషాలకు 600 పాయింట్లు. నీ వయసు, పిన్ కోడు, ఇంట్లో ఏమేం వస్తువులున్నాయో అడిగారు. ఆ తర్వాత ఇంట్లో సబ్బు ఏది కొనాలో నిర్ణయించేది ఎవరని అడిగితే "అమ్మ" అని నొక్కావు. అంతే, బయటికి పంపేశారు. నాలుగు నిమిషాలు పోయాయి, పాయింట్లు సున్నా. రెండోది ఆరు నెలల్లో కారు కొంటారా అనేది. లేదన్నావు, మూడు నిమిషాలు పోయాయి. మూడోది మొబైల్ ఫోన్ల మీద. తొమ్మిది నిమిషాలు చక్కగా సాగాక "ఈ సర్వేకి కావలసినంత మంది వచ్చేశారు" అని తెర మీద కనబడింది. నీ మొహం చిన్నబోయింది. వెంటనే అదే యాప్ నిన్ను నాలుగోదానిలోకి తోసింది. మళ్లీ వయసు, మళ్లీ పిన్ కోడు, మూడు నిమిషాల తర్వాత మళ్లీ బయటికి. ఓదార్పుగా 5 పాయింట్లు పడేశారు. అయిదోది బిస్కెట్ల ప్రకటన మీద. పన్నెండు నిమిషాలన్నారు గానీ పంతొమ్మిది పట్టింది. పూర్తయింది, 500 పాయింట్లు వచ్చాయి. ఆరోది బ్యాంకింగ్ మీద. మీ ఇంట్లో ఎవరైనా ఈ కింది రంగాల్లో పనిచేస్తున్నారా అంటే, మీ నాన్న ఇన్సూరెన్స్ ఏజెంటు కదా అని నిజాయితీగా గీటు పెట్టావు. రెండు నిమిషాల్లో గేటు బయట ఉన్నావు. ఏడోది పద్నాలుగు నిమిషాల్లో పూర్తయింది, 400 పాయింట్లు.

ఇప్పుడు కూడు. జవాబులకు పట్టింది 54 నిమిషాలు. సర్వే ఎంచుకోవడం, పేజీ తెరుచుకునేదాకా చూడటం, నేను రోబోను కాదని బొమ్మలు నొక్కడం మరో 11 నిమిషాలు. మొత్తం 65 నిమిషాలు. వచ్చినవి 905 పాయింట్లు. నీ యాప్‌లో ఇరవై పాయింట్లకు ఒక రూపాయి కనుక, నలభై అయిదు రూపాయల పావలా. గంటకు లెక్కేస్తే 42 రూపాయలు కూడా నిండలేదు. యాప్ నీకు చూపించిన ధర ఎంత? పదిహేను నిమిషాలకు ముప్పై అంటే గంటకు 120. చూపిందానిలో మూడోవంతు చేతికొచ్చింది. అదీ ఇంకా చేతికి రాలేదు. నీ యాప్‌లో 10,000 పాయింట్లు నిండితే గానీ 500 రూపాయల కూపన్ ఇవ్వరు. ఈ లెక్కన అలాంటి మధ్యాహ్నాలు పదకొండు గడిచినా ఇంకా కాస్త తక్కువే పడుతుంది. అంటే దాదాపు పన్నెండు గంటల పని.

వాళ్లు మోసం చేశారని నేననడం లేదు. పూర్తిచేసిన రెండిటికీ చెప్పినంతా ఇచ్చారు. పూర్తి కాని అయిదింటిలో పోయిన ఆ 21 నిమిషాలు ఎవరి ఖాతాలోకి వెళ్లాయన్నదే అసలు సంగతి. అది తెలియాలంటే నా పాత రోజుల ముచ్చట ఒకటి వినాలి.

విజయవాడ సత్యనారాయణపురంలో షాంపూ సర్వే చేస్తున్న రోజులు. మాకో పద్ధతి ఉండేది, కుడిచేతి సూత్రం అనేవాళ్లం. వీధిలో దిగి, కుడిచేతి వైపు ఇళ్లే పట్టుకుంటూ పోవాలి. నచ్చిన ఇంటికి పోవడానికి వీల్లేదు. ఒక ఇంట్లో పెద్దావిడ ఒకరు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఎంతో ఉత్సాహంగా కూర్చున్నారు. రెండో ప్రశ్న దగ్గరే వాళ్ల అల్లుడు హైదరాబాదులో ప్రకటనల కంపెనీలో చేస్తున్నాడని తెలిసింది. నా కాగితం మీద ఆ జవాబు పక్కన గడిలో "టర్మినేట్" అని అచ్చేసి ఉంది. అంటే అక్కడితో ఆపి దండం పెట్టి రావాలి. "ఏం బాబూ, నా మాటలు పనికిరావా?" అన్నారావిడ. ఏం చెప్పాలో తెలియక నీళ్లు నమిలాను. ఆ రోజు పద్దెనిమిది ఇళ్లు తిరిగితే దొరికినవి మూడు ఇంటర్వ్యూలు. నాకు కూలి ఆ మూడింటికే. అయితే మా ఆఫీసు ఆ మూడింటి ధర కట్టేటప్పుడే, మిగతా పదిహేను ఇళ్ల నడకనూ అందులో కలిపి కట్టేది. దాంతోపాటు బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం. సరైన మనిషిని వెతకడానికి అయ్యే ఖర్చు కంపెనీదే. ఆ పెద్దావిడకు పోయింది ఓ గ్లాసు మజ్జిగ, రెండు నిమిషాలు.

ఇప్పుడు నడిచేవాడు లేడు. గుమ్మం దగ్గరికి నువ్వే వచ్చి నిలబడుతున్నావు. నా కాళ్లు చేసిన పని నీ బొటనవేలు చేస్తోంది, కూలీ లేకుండా. ఆన్‌లైన్ సర్వేల్లో డబ్బు తక్కువెందుకో తెలియాలంటే ఇదొక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు. సరైన మనిషిని వెతికే ఖర్చును జవాబు చెప్పేవాళ్ల నిమిషాల మీదికి దింపేశారు.

దీన్ని లెక్కలో చూడు. ఒక కంపెనీకి గత ఆరు నెలల్లో ముందు తలుపున్న వాషింగ్ మెషీన్ కొన్న ఆడవాళ్లు 300 మంది కావాలనుకుందాం. సర్వే పదిహేను నిమిషాలు. అలాంటివాళ్లు వందకు అయిదుగురే ఉంటారనుకో. మా భాషలో దీన్ని ఇన్సిడెన్స్ అంటారు. 300 మంది దొరకాలంటే 6,000 మందిని గుమ్మం దగ్గర ఆపి అడగాలి. అందులో 5,700 మంది వెనక్కి పోయేవాళ్లే. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు పోయినా 190 గంటలు. పూర్తిచేసిన 300 మంది పని మొత్తం కలిపితే 75 గంటలు. డబ్బు ముట్టేది ఈ 75 గంటలకే. ఆ 190 గంటలు గాలికి పోయినట్టే. కనక నిన్ను బయటికి పంపిన ప్రతిసారీ నీలో లోపం ఉందనుకోకు. వందలో తొంభై అయిదు మంది బయటికి పోయేలాగే ఆ సర్వే కట్టారు.

ఇక ఆ గుమ్మం ప్రశ్నలు, అదే స్క్రీనర్, ఎలా నడుస్తాయో చెబుతాను. ఇవి ఇష్టమొచ్చినట్టు అడిగేవి కావు, వీటికో వరస ఉంటుంది. మొదట వయసు, ఆడా మగా, ఊరు. ఇవి కోటాల కోసం. 18 నుంచి 24 లోపు ఆడపిల్లలు ఇంతమంది, హైదరాబాదు నుంచి ఇంతమంది, చిన్న పట్టణాల నుంచి ఇంతమంది అని ముందే గళ్లు గీసి ఉంటాయి. నీ గడి నిండితే నువ్వెంత సరైన మనిషివైనా ఇక అక్కర్లేదు. తర్వాతది ఇంట్లో ఎవరైనా ప్రకటనలు, మార్కెట్ రీసెర్చ్, మీడియా, లేదా ఆ సరుకు వ్యాపారంలో ఉన్నారా అన్నది. ఆ రంగాల వాళ్లకు లోపలి సంగతులు తెలుస్తాయి, కంపెనీ రహస్యం పోటీవాడికి చేరుతుందన్న భయం కూడా ఉంటుంది. మీ నాన్న వల్ల నువ్వు బ్యాంకింగ్ సర్వేలోంచి బయటపడింది ఇక్కడే. గత మూడు నెలల్లో ఇదే విషయం మీద సర్వే చేశారా అని కూడా అడుగుతారు. పాత జవాబు కొత్త జవాబును పాడుచేయకూడదని.

ఆ తర్వాత మన దేశపు ప్రత్యేక ప్రశ్న. ఇంటి ఖర్చులకు ఎక్కువ డబ్బు తెచ్చేవారు ఎంత చదివారు, ఇంట్లో ఈ వస్తువుల్లో ఏవున్నాయి అంటూ ఓ జాబితా ఇస్తారు. కరెంటు, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ స్టవ్, ద్విచక్ర వాహనం, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, కారు, ఏసీ, పొలం. మొత్తం పదకొండు. 2011లో మన పరిశ్రమ తెచ్చుకున్న వర్గీకరణ ఇది, ఎన్‌సీసీఎస్ అంటారు. ఆ చదువునూ వస్తువుల సంఖ్యనూ ఒక పట్టికలో కలిపి చూసి, మీ ఇంటిని ఏ1 నుంచి ఈ3 దాకా పన్నెండు మెట్లలో ఒక మెట్టు మీద కూర్చోబెడతారు. ఖరీదైన ఫోన్ అమ్మేవాడికి పై మెట్లవాళ్లు కావాలి, ఒక రూపాయి షాంపూ ప్యాకెట్టు అమ్మేవాడికి కింది మెట్లు కూడా కావాలి. పొలం ఉందా అని అడిగితే నీకు నవ్వొచ్చింది కదా, అది ఇందుకే.

చివరిగా అసలు సరుకు ప్రశ్న. దీన్ని మాత్రం దాచి అడుగుతారు. కాఫీ పొడి గురించి కావాలంటే కాఫీ ఒక్కటే అడగరు. టీ, కాఫీ, పాలు, పళ్లరసం, కూల్‌డ్రింక్ అని వరసగా పెట్టి గత నెలలో ఏవి తాగారంటారు. ఏది నొక్కితే లోపలికి రానిస్తారో నీకు తెలియకూడదనే ఈ ఏర్పాటు. ఒక్కోసారి ఆ వరసలో లోకంలో లేని బ్రాండు పేరొకటి కలుపుతారు. అది వాడానన్నవాడు అబద్ధాలకోరని ముద్ర పడుతుంది. ఇంతా అయ్యాక, కొనేది నువ్వా, ఇంకెవరైనానా అని అడుగుతారు. అమ్మ అని చెప్పి నువ్వు ఆగిపోయింది అక్కడ.

మరి మొబైల్ సర్వేలో తొమ్మిది నిమిషాల తర్వాత పంపేయడం ఏమిటంటావా? అది కోటా గోల. ఒకే సమయంలో వందలమంది లోపల ఉంటారు. నువ్వు లోపలికి వచ్చినప్పుడు నీ గడిలో ఖాళీ ఉంది, నువ్వు జవాబులు చెబుతుండగా వేరేవాళ్లు ముగించి నింపేశారు. జాగ్రత్త గల సంస్థ గడి నిండిందో లేదో గుమ్మం దగ్గరే చూసి, లోపలికొచ్చినవాళ్లకు చోటు అట్టే పెడుతుంది. బద్ధకస్తులు ఆ తనిఖీని ఆలస్యంగా పెడతారు. ఆ తేడా నీకు ముందుగా తెలియదు గానీ, ఒకటి మాత్రం నీ చేతిలో ఉంది. పిలుపు మెయిలు వచ్చిన కొద్దిసేపట్లోనే తెరిస్తే గళ్లు ఖాళీగా ఉంటాయి. నిన్నటి మెయిలు ఇవాళ తెరిస్తే నిండి ఉండటమే ఎక్కువ. నువ్వు మూడు రోజుల నాటి మెయిళ్లు వరసగా తెరుస్తున్నావు. అలాంటివి చూడగానే చెరిపెయ్.

ఇక డబ్బు సంగతి. సబ్బు కంపెనీ నేరుగా నీకు ఇవ్వడం లేదు. కంపెనీ రీసెర్చ్ సంస్థకు ఇస్తుంది. ఆ సంస్థ జవాబులు చెప్పే మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ దగ్గర, ఒక్కో పూర్తయిన ఇంటర్వ్యూకి ఇంత అని కొంటుంది. ఆ సరఫరాదారుడు చాలాసార్లు సంతలాంటి ఎక్స్ఛేంజ్‌లో తన అవసరాన్ని పెడతాడు. అక్కడినుంచి నీ యాప్ దాన్ని అందుకుంటుంది. ప్రతి మజిలీలోనూ కొంత తరుగుతుంది. మన పెరట్లో మామిడికాయ ధరకూ, హైదరాబాదు బండి మీద దాని ధరకూ ఎంత తేడానో నీకు తెలుసు కదా, నువ్వు పెరటి వైపున ఉన్నావు. పైగా ధర కట్టేది నిమిషాలను బట్టి, మనిషి ఎంత అరుదో దాన్ని బట్టి. గుండె డాక్టరో, కంపెనీకి కంప్యూటర్లు కొనే మేనేజరో అయితే అదే పదిహేను నిమిషాలకు ఎన్నో రెట్లు ఇస్తారు. డిగ్రీ చదివే అమ్మాయిలు లక్షల్లో దొరుకుతారు. అందులో నీ తప్పేమీ లేదు, సంతలో సరుకు ఎక్కువైతే ధర అంతే.

ఇక్కడే మీ వయసువాళ్లకు ఒక తెలివి పుడుతుంది. కారు లేదంటే పంపేస్తున్నారు గనక ఉందని చెబుదాం అని. నువ్వు కూడా రెండో సర్వే తర్వాత నా మొహంలోకి చూశావు, గుర్తుందా? నీతి మాట తర్వాత, ముందు లాభనష్టాలే చూడు. కారుందంటే ఏ మోడల్, ఏ సంవత్సరం, ఏ ఇంజను, చివరి సర్వీసుకు ఎంతయింది అని మొదలవుతుంది. ఇంకో పది నిమిషాలు కల్పించి చెబుతావు. మధ్యలో ఒక వరసలో "ఇక్కడ 'పూర్తిగా అంగీకరిస్తాను' అన్నది నొక్కండి" అనే ఉచ్చు ప్రశ్న ఒకటి ఉంటుంది, తొందరలో చూసుకోవు. అందరికీ పట్టే సమయంలో మూడోవంతు కూడా తీసుకోకుండా ముగించినవాళ్లను, అన్ని వరసల్లోనూ ఒకే నిలువు గీతలా నొక్కుకుంటూ పోయినవాళ్లను, రాయమన్నచోట "గుడ్", "నైస్" అని వదిలేసినవాళ్లను ఏరి పారేస్తారు. నా రోజుల్లో ఇదే పనిని బ్యాక్ చెక్ అనేవాళ్లం. ఒక అబ్బాయి చెట్టుకింద కూర్చుని ఫారాలు నింపాడేమో అని మర్నాడు నేను అదే ఇంటికి వెళ్లి మళ్లీ రెండు ప్రశ్నలు అడిగి చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తుంది.

అందులో ఇంకో మెలిక ఉంది. పూర్తయిన రోజు పాయింట్లు పడినా, సర్వే ముగిసి లెక్కలు తేల్చుకునేటప్పుడు కంపెనీ నీ జవాబును తిరస్కరిస్తే, కొన్ని వారాల తర్వాత ఆ పాయింట్లు వెనక్కి పోతాయి. ఇలాంటివి ఎక్కువైతే, కూపన్ తీసుకునేనాటికి ఖాతానే మూసేస్తారు. అప్పుడు పోయేది ఒక్క సర్వే కాదు, ఆ పన్నెండు గంటలూ. ఒకే ఫోన్‌లో తమ్ముడి పేరున ఇంకో ఖాతా తెరవడం కూడా అలాంటిదే, ఫోన్ గుర్తు పట్టుకుని రెండిటినీ ఆపేస్తారు. రెండు వేర్వేరు యాప్‌ల్లో చేరినా, ఎక్స్ఛేంజ్ ఒకటే గనక అదే సర్వే రెండువైపుల నుంచీ వస్తుంది. రెండుసార్లు చేస్తే డూప్లికేట్ అని రెండోది పోతుంది. అందుకే పది యాప్‌లు పెట్టుకుంటే ఆదాయం పదింతలు కాదు, చికాకు మాత్రం పదింతలవుతుంది. రెండు చాలు.

సరే, మానెయ్యమంటారా పెదనాన్నా అంటావు. మానమని నేననను. సెలవుల్లో బస్సు కోసం ఎదురుచూసే అరగంటను ఇలా వాడుకుని, నెలకు ఓ రీఛార్జి డబ్బు తెచ్చుకుంటే తప్పేం లేదు. కాని నాలుగు పనులు చెయ్యి.

మొదటిది, ప్రొఫైలు ప్రశ్నలు ఒకసారి కూర్చుని నిజంగా, పూర్తిగా నింపు. కారు లేదని అక్కడ ఉంటే కారు సర్వేలు నీ దాకా తక్కువ వస్తాయి. గుమ్మం దగ్గర పోయే నిమిషాల్లో కొన్ని అక్కడే మిగులుతాయి. పెళ్లి, ఉద్యోగం, ఊరు మారితే అక్కడా మార్చు. పాత ప్రొఫైలుకూ కొత్త జవాబుకూ పొంతన లేకపోయినా అనుమానిస్తారు.

రెండోది, గుమ్మం ఎక్కడ అయిపోతుందో గుర్తుపట్టడం నేర్చుకో. "నువ్వెవరు, నీ దగ్గర ఏముంది" అని అడుగుతున్నంతసేపూ నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. "ఇది నీకు నచ్చిందా, ఎందుకు నచ్చింది" అని అడగడం మొదలైతే లోపలికి వచ్చినట్టు. గడియారం పెట్టుకో. అయిదు నిమిషాలయినా ఇంకా "నువ్వెవరు" దగ్గరే ఉంటే, నీ అంతట నువ్వే లేచి వచ్చెయ్. ఇప్పటికే అయిదు నిమిషాలు పెట్టాను కదా అనుకోకు. ఆ అయిదూ ఎలాగూ తిరిగి రావు, పోయేది ఆరో నిమిషం. బయటికి పంపగానే యాప్ నిన్ను ఇంకో సర్వేలోకి తోస్తుంది చూడు, అక్కడ కూడా ఆగి ఎన్ని నిమిషాలో, ఎన్ని పాయింట్లో చూసుకుని గానీ అడుగు పెట్టకు.

మూడోది, ఒక్క వారం నేను రాసినట్టు రాయి. సర్వే పేరు అక్కర్లేదు. మొదలైన టైము, ముగిసిన టైము, వచ్చిన పాయింట్లు, అంతే. బయటికి పంపినవాటిని తప్పకుండా రాయాలి, మనసు మరిచిపోయేది వాటినే. వారం చివర గంటకు ఎంతొచ్చిందో భాగించు. ఒక యాప్‌లో 25, ఇంకోదానిలో 60 వస్తే, ఏది ఉంచుకోవాలో నేను చెప్పక్కర్లేదు. ఎనిమిది గంటలు కూర్చుంటే ఎనిమిది నలభైలు అని మాత్రం హెచ్చవేయకు. నీ వయసుకూ ఊరికీ సరిపడే సర్వేలు రోజుకు కొన్నే ఉంటాయి. అవి అయ్యాక మిగిలేవి గుమ్మాలే.

నాలుగోది, డబ్బు తీసుకునే హద్దు రాగానే తీసేసుకో. పాయింట్లు దాచుకుంటే వడ్డీ రాదు, గడువు మాత్రం తీరిపోతుంది. చేరేముందే ఆ హద్దు ఎంతో, ఇచ్చేది డబ్బా కూపనా చూసుకో. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ లాంటివి కొద్ది ప్రశ్నల్లోనే ముగుస్తాయి గనక నిమిషాలు పెద్దగా వృథా కావు. కానీ మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్ మీద అది ఇచ్చేది ప్లే స్టోర్‌లో ఖర్చుపెట్టుకునే బ్యాలెన్సే, చేతి ఖర్చుకు పనికిరాదు.

ఇంక ఒక్క మాట, ఇది మాత్రం హితవు కాదు, ఆజ్ఞ అనుకో. సర్వే ఇవ్వడానికి నీ దగ్గర ఎవరైనా డబ్బు అడిగితే అది సర్వే కాదు. సింగపూర్ కేంద్రంగా స్పీక్ ఏషియా అనే సంస్థ 2010, 2011ల్లో మన దేశంలో ఇదే పేరుతో నడిచింది. 11,000 రూపాయలు కట్టి చేరితే, వారానికి రెండు సర్వేలు, ఒక్కోదానికి 500, ఏడాదికి 52,000 అని చెప్పారు. లక్షలమంది చేరారు, ఇంకొకరిని చేర్పిస్తే కమీషన్ కూడా. 2011లో చెల్లింపులు ఆగిపోయాయి, ముంబై పోలీసుల ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టింది. అప్పట్లో మా ఆఫీసు అటెండరు కూడా కడదామా సార్ అని అడిగాడు. నేనొక్కటే అన్నాను: "మనం ఎండలో తిరిగి తెచ్చే ఇంటర్వ్యూకే కంపెనీలు బేరమాడతాయి. ఇంట్లో కూర్చుని అయిదు నిమిషాలు నొక్కినదానికి అయిదొందలు ఎవరిస్తారు? ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోంది?" ఆ డబ్బు తర్వాత చేరినవాడి 11,000లోంచే వచ్చేది. నువ్వు ఇప్పుడు సర్వే నిజంగా ఎలా నడుస్తుందో చూశావు గనక, పదిహేను నిమిషాలకు వందలు ఇస్తామని ఎవరన్నా ఇదే ప్రశ్న వేసుకో. ఆధార్, ఓటీపీ, యూపీఐ పిన్ అడిగినా అంతే. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పోవడానికే కావాలి.

సత్యనారాయణపురం పెద్దావిడ అడిగిన మాటకు ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. మాటలు పనికిరాక కాదమ్మా, ఆ రోజు మాకు కావలసిన గడి మీది కాదు, అంతే. నిన్ను బయటికి పంపినప్పుడల్లా తెర మీద వచ్చే ఆ "క్షమించండి"కి కూడా అర్థం అదే, మనసు చిన్నబుచ్చుకోకు. ఆవిడ దగ్గర నేను తీసుకున్నది రెండు నిమిషాలు. నీ దగ్గర ఒక్క మధ్యాహ్నం ఇరవై ఒకటి తీసుకున్నారు. అందుకే ఆ క్యాలెండర్ కాగితం ఈ ఉత్తరంలోనే మడిచి పెడుతున్నాను. వెనక ఇంకా సగం ఖాళీ ఉంది. నీ వారం లెక్క దాని మీదే రాసి, ఉగాదికి వచ్చినప్పుడు నాకు చూపించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న